కన్నీటి గిన్నెల నగరం

మొసళ్ళ మడుగు దాటి వజ్రశిల కోట మెట్ల మీద కాలు మోపేసరికి, పుట్టి నడిపే సింగన్నకు తలప్రాణం తోకకు వచ్చింది. మొసళ్ళు పెట్టిన బాధ ఒక ఎత్తు. వెంట వచ్చిన యువరాజు ఉదయార్కుడు పెట్టిన బాధ ఒక ఎత్తు.

కాసేపటి కిందట మడుగు నడిమధ్యలో పుట్టి గిరగిరా తిరుగుతోంది. ఒక ముసలి మొసలి తోలు అంచును కరిచి జానెడు ముక్క ఊడబెరికింది. సరిగ్గా ఆ క్షణంలో యువరాజు లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి గుండె మీద వేసుకున్నాడు. నూరేళ్ళ కిందట నీలవేణి నది వరదలో దూకి నలభై మందిని కాపాడిన మహావీరుడు ధీరకేతును కీర్తిస్తూ సీసపద్యం అందుకున్నాడు.

"కూర్చోండి మహాప్రభో! పుట్టి ఒరుగుతోంది!" అని సింగన్న గావుకేక పెట్టాడు.

"సింగన్నా, ఇలాంటి వేళ ధీరకేతు కూర్చున్నాడా?" అన్నాడు యువరాజు, కళ్ళ నిండా నీళ్ళతో.

సింగన్న ఒక చేత్తో మొసలి మూతి మీద తెడ్డుతో ఒక్కటిచ్చి, రెండో చేత్తో యువరాజు నడికట్టు పట్టి కిందికి లాగాడు. పద్యం మూడో పాదంలో తెగింది. పుట్టి మాత్రం ఒడ్డు చేరింది.

ఇంత వేగిపోతూ అతన్ని వెంటబెట్టుకు రావడమెందుకంటే, వేరే దారి లేదు. మూడు రోజుల కిందట మాంత్రికుడు శిలాకంఠుడు సింగన్న అక్క పోలమ్మను, ఆమెతోపాటు పదకొండుమంది పుట్టివాళ్ళను పట్టుకుపోయాడు. నది దాటించేవాళ్ళే లేకపోతే తన కోట మీదికి ఎవడూ రాడని అతని ఎత్తు. లోయ మీదికి చాచిన ఇనుప దూలం కొసన, గొలుసుకు కట్టిన పంజరంలో వాళ్ళు పన్నెండుమందీ వేలాడుతున్నారు. ఈ పూట పొద్దు కుంకగానే గొలుసు దానంతట అదే జారుతుంది, కింద నీలవేణి సుడిగుండం నోరు తెరుచుకుని ఉంది. గొలుసు చక్రానికి ఉన్న తాళం తీస్తేనే దూలం ఒడ్డు వైపు తిరుగుతుంది, ఆ తాళం ఒక్కదానికే లొంగుతుంది. అది రాజవంశంలో పుట్టినవాడి వేలికి ఉన్న ముద్దుటుంగరం. వేలు సజీవంగా ఉండాలి. లేకపోతే సింగన్న ఉంగరం ఒక్కటే అడిగి తెచ్చుకునేవాడు.

ఆ సంగతి మణికుల్య నగరమంతటికీ తెలుసు. తెలిసీ ఒక్కడు కదలలేదు. ఎందుకు కదలలేదో చెప్పాలంటే ఆ నగరం ఆచారం చెప్పాలి.

మణికుల్య అంటే మాటలా! ఏడు వీధులకు ఏడు రంగుల రాళ్ళు పరిచిన నగరం. ప్రతి మేడ మీదా నెమలి పింఛం రంగు పెంకులు, ప్రతి కూడలిలో ఒక మహాపురుషుడి పాలరాతి విగ్రహం. ఒకచోట ఆకలిగొన్నవాడికి తన నోటి ముద్ద ఇచ్చిన మహాదాత, ఒకచోట కన్న కొడుక్కే శిక్ష వేసిన న్యాయమూర్తి, నడిబొడ్డున ఆకాశమంత ధీరకేతు. ఉదయం మొదటి గంట మోగగానే జనమంతా కూడళ్ళలో చేరి ఒక మహనీయుడి కథ వింటారు. వింటూ ఏడుస్తారు. ఆ కన్నీటిబొట్టును వెండి గిన్నెలో పడతారు. దానికి ఆదర్శవందనం అని పేరు. గిన్నె తొందరగా నిండినవాడు సద్భక్తుడు. కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు వెళతారు. ఆ పూటకు మంచితనం ముగిసింది. దారిలో ఎవడైనా కాలుజారి పడితే, వందనం అయిపోయింది కనుక, పక్కనుంచి నడిచిపోతారు.

పోలమ్మను పట్టుకుపోయిన నాడు కూడా సింగన్న కూడలిలో నిలబడి గొంతు చించుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఒక సద్భక్తుడు మాత్రం అతని భుజం తట్టి, "ధీరకేతు ఉండి ఉంటేనా!" అని నిట్టూర్చి, గిన్నెలో రెండు బొట్లు రాల్చి వెళ్ళిపోయాడు.

కాస్త మేలు అనిపించినవాడు యువరాజే. వస్తానన్నాడు, వచ్చాడు. కానీ అతని మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు.

కోట లోపల దూలం దగ్గరికి దారి ఒక్కటే. అది మహనీయ మందిరం గుండా పోతుంది. తలుపు తోయగానే ఇద్దరికీ కళ్ళు చెదిరాయి. చంద్రకాంత శిలల నేల, పగడపు స్తంభాలు, పైకప్పు నిండా ఎవరూ వెలిగించని దీపాలు. రెండు వరుసల్లో మహనీయుల విగ్రహాలు, ఒక్కొక్కటి మూడు నిలువుల ఎత్తు. వాటి పాదాల దగ్గర చేతులు జోడించి, కళ్ళు పైకెత్తి, వందలకొద్దీ మనుషులు. ఊపిరి లేదు. అందరూ రాళ్ళే. ఒకడి చెంప మీద కన్నీటి చార కూడా రాయిగానే ఉంది.

అందరికన్నా ఎత్తుగా, చివరన ధీరకేతు. వరద అలల మీద నడుస్తున్నట్టు చెక్కారు. ముఖంలో జంకు లేదు, ఒంటి మీద నీటి చుక్క లేదు.

"ఆహా!" అన్నాడు ఉదయార్కుడు.

అంతే, ఆగిపోయాడు. సింగన్న చెయ్యి పట్టి లాగాడు. కదల్లేదు. కిందికి చూస్తే యువరాజు పాదాలు నేల రంగులోకి మారుతున్నాయి.

"యువరాజా! కాళ్ళు! మీ కాళ్ళు చూసుకోండి!"

"నా గుండెలో ఎంత వెచ్చగా ఉందో సింగన్నా! ఈ క్షణంలో నేనెంత మంచివాణ్ణి! కానీ ఆయనెక్కడ, నేనెక్కడ..."

రాయి చీలమండలు దాటింది. బయట ఇంకా మూడు గడియల పొద్దు ఉంది. సింగన్నకు ఒళ్ళు మండిపోయింది. యువరాజు నడుం పట్టి గుంజుతూ, కనబడిన ప్రతి విగ్రహాన్నీ తిట్టడం మొదలుపెట్టాడు.

"ఈ మహానుభావులంతా ఇంతే! బొమ్మ చెక్కించుకున్నవాడెవడు మంచివాడు? లోపల ఎంత కుళ్ళుందో ఎవడికెరుక! మంచితనమంట మంచితనం, అదంతా కూర్చుని తినేవాళ్ళ సోకు, పొట్ట కోసం పుట్టి తోసేవాడికెందుకు..."

అతని వేళ్ళు బిగుసుకున్నాయి. చూసుకుంటే గోళ్ళ దగ్గర్నుంచి మణికట్టు దాకా బూడిదరంగు రాయి.

"ఇదేం న్యాయం! నేను మెచ్చుకోలేదే! తిట్టాను కదా!"

"తిట్టినా అంతేరా నాయనా," అంది ఒక గొంతు.

స్తంభం పక్కన ఒక ముసలమ్మ ఉంది. నడుము దాకా రాయి, పైన మనిషి. ముఖం ముడతలు, కళ్ళు మాత్రం చురుకు. భుజాన వెదురు బద్దల కట్ట ఇంకా ఉంది.

"నన్ను సూరవ్వంటారు. బుట్టలల్లే మేదరదాన్ని. ఇది మెచ్చుకుంటే ఎక్కే రాయి కాదు నాయనా. 'వాళ్ళు వేరు, నేను వేరు, నా వల్ల కాదు' అని లోపల అనుకుంటే ఎక్కే రాయి. ఆ బాబు మొక్కుతా అదే అనుకుంటున్నాడు. నువ్వు తిడతా అదే అనుకుంటున్నావు. ఇద్దరూ చేసేదేం లేదు."

"నాకు నీతులు వద్దవ్వా! అక్కడ మా అక్క చచ్చిపోతోంది. చేతులు వదిలే మార్గం చెప్పు!"

"నీ భుజాన ఉన్న తాడుకు ఆ ముడి ఎవరు నేర్పారు?"

సింగన్నకు పుండు మీద కారం చల్లినట్టయింది. పొద్దు వాలిపోతుంటే ముసలమ్మకు ముడుల ముచ్చట! అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంకెవరు, మా అక్క! పక్కన కూర్చోబెట్టుకుని వేయించేది. తప్పు వేస్తే చేతి మీద ఒక్కటిచ్చి విప్పేసేది. మళ్ళీ వెయ్యమనేది."

"ఆమెకు దండం పెట్టేవాడివా?"

"దండమా! ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకు తెలుసు."

"ముడి ఒక్కటేనా నేర్పింది?"

 సింగన్నకు ఒక ముసురు రోజు కళ్ళముందు మెదిలింది. "ఒకసారి ఏరు పొంగింది. సుంకం వసూలు చేసే తిమ్మరాజు ఏటి నడుమ లంకలో చిక్కుకున్నాడు. మా నోటి కూడు లాక్కున్నవాడు. అక్క పుట్టి అటు తిప్పింది. 'వాడికోసమా?' అని నేను మొత్తుకున్నాను. 'గెడ పట్టు' అంది, అంతే. పట్టాను. మరుసటేడు ఎవడో పరదేశి వరదలో అరుస్తుంటే అక్క ఊళ్ళో లేదు. నేనే వెళ్ళాను."

"అప్పుడు అక్క గొప్పతనం గుర్తొచ్చి ఏడుపొచ్చిందా?"

"ఏడుపెక్కడిది! గెడ ఎక్కడుందా అని వెతుక్కున్నాను."

"చూశావా. ఎవరో ఒకర్ని చూసే కదరా నేర్చావు. కాకపోతే ఆమె పక్కనుంది, నీలాంటిదే. ఎలా చెయ్యాలో నీకు కనబడింది, నీ చేతికి ఒక పని అప్పగించింది. విగ్రహాలు ఎవరికి గెడ అందిస్తాయి?"

ఆ మాటల నడుమ సింగన్న ఆలోచించకుండానే తాడు విప్పాలని వేళ్ళు కదిపాడు. రాయి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నేల మీద పడింది. చేతులు ఎర్రగా, మంటగా, మళ్ళీ చేతుల్లాగే ఉన్నాయి.

అతను యువరాజు వైపు పరుగెత్తాడు. రాయి మోకాళ్ళ దాకా వచ్చేసింది. ఉదయార్కుడు ఇంకా విగ్రహాన్నే చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు.

"అవ్వా, ఈయనకేదన్నా చెప్పు!"

సూరవ్వ గొంతు సవరించుకుంది. "బాబూ, ఆ ధీరకేతు నడుముకు తాడు కట్టింది మా ముత్తవ్వ గంగి. నీకు చెప్పిన కథలో ఆమె లేదు కదూ? శిలాకంఠుడు మీ ఆస్థానంలో కథకుడుగా ఉన్న రోజుల్లో తీసేశాడు. నేను నిజం చెప్పబోతే ఇక్కడికి తెచ్చి పడేశాడు. కథలకు బదులుగా మీ ఊరి కన్నీళ్ళు తెప్పించుకుని, వాటితోనే ఈ రాయి పోశాడు. అసలు జరిగిందిది. ధీరకేతు వరద చూసి వెనక్కి వచ్చేశాడు. పొద చాటున కూర్చుని వాంతి చేసుకున్నాడు. వెదురు కొడుతున్న గంగి చూసి, ఏం బాబూ అంటే, 'నాకు ఈత రాదు' అన్నాడు. ఆమె నడుముకు తాడు కట్టి, 'అవతల ఒడ్డు చూడకు. ఎదురుగా ఉన్న రాయి చూడు. అది చేతికి అందాక దాని తర్వాతది చూడు' అంది. అలా వెళ్ళి ఏడుగురిని తెచ్చాడు. అది చూసి వెదురు కొట్టేవాళ్ళు దిగి మిగతా ముప్పైముగ్గురినీ తెచ్చారు."

ఇది వింటే యువరాజుకు ధైర్యం వస్తుందని సింగన్న ఆశపడ్డాడు. ఏం చెప్పమంటారు! యువరాజు ముఖం వాడిపోయింది.

"వాంతి చేసుకున్నాడా? ఈత కూడా రాదా? నలభై మంది కాదు, ఏడుగురేనా?" అని బావురుమన్నాడు. "అంతా అబద్ధమేనా! అంతటివాడే పిరికివాడైతే ఇక లోకంలో ఎవర్ని నమ్మను? నాబోటివాడు ఏం చెయ్యగలడు?"

రాయి ఒక్క ఊపున మోకాళ్ళ నుంచి నడుముకు ఎగబాకింది.

అప్పుడు సింగన్నకు రాజూ లేడు, మర్యాదా లేదు.

"ఒరే నాయనా! ఆయన దేవుడన్నంతసేపూ, దేవుడు కాబట్టి చేశాడు, నా వల్ల కాదంటివి. ఇప్పుడు మనిషని తేలితే, మనిషే కాబట్టి ఇంక నా వల్ల కాదంటున్నావు. ఎలా ఉంటే నీకు పని మొదలవుతుంది? నీకు ఏడవడానికి ఒకడు కావాలి, అంతేనా? భయపడ్డవాడు వెళ్ళాడంటే అది తక్కువా? భయం లేనివాడు వెళితే అందులో ఏముంది, బండరాయి కూడా నీళ్ళలోకి దొర్లుతుంది! మా అక్క అక్కడ పంజరంలో ఉంది. అక్కకు ఈత వచ్చు. అయినా సుడిగుండం దగ్గర ఈత పనికిరాదు. ఇదిగో, ఈ కొస పట్టుకో!"

తాడు కొసను యువరాజు చేతిలో కుక్కాడు. ఉదయార్కుడు నిర్ఘాంతపోయి పట్టుకున్నాడు.

"చుట్టూ తిప్పు. కిందనుంచి. అలా కాదు!" సింగన్న అతని చేతి మీద ఒక్కటిచ్చాడు. మణికుల్య చరిత్రలో యువరాజును కొట్టిన మొదటి పుట్టివాడు అతనే. "మళ్ళీ. కిందనుంచి, వేలి మీదుగా. లాగు."

"ఇలాగా?"

"ఆఁ. మళ్ళీ వెయ్యి."

మూడోసారికి ముడి పడింది. చేతిలో పని ఉన్నంతసేపూ యువరాజు విగ్రహం వైపు చూడనేలేదు. నడుము దగ్గర రాయి టపటపా పగిలి రాలింది. మోకాళ్ళు వదిలాయి. పాదాలు వదిలాయి. ఉదయార్కుడు ఒక అడుగు వేసి, తానే వేశానా అన్నట్టు కిందికి చూసుకున్నాడు.

"ఆ గుండెలో వెచ్చదనం..." అని నసిగాడు. "అది కూడా దండగేనా సింగన్నా?"

సింగన్నకు ఆ మాటకు కోపం రాలేదు. పాపం, అడగవలసిన మాటే అడిగాడు. "దండగ కాదులెండి. ఒడ్డు నుంచి పుట్టిని తోసే తోపులాంటిది అది. ఆ ఊపు నాలుగు బారలు పోతుంది. అంతలో తెడ్డు అందుకోకపోతే పుట్టి మళ్ళీ ఒడ్డుకే వచ్చేస్తుంది. మీ ఊరివాళ్ళు రోజూ తోసుకోవడమే, తెడ్డు ఎవరికీ లేదు. పదండి!"

"నాయనల్లారా," అంది సూరవ్వ. "తాడు కొస కట్టడానికి మోకు రాయి కావాలి కదా. నా నడుము ఉంది. ఎనభై ఏళ్ళదాన్ని, నేనేం చెయ్యగలనని ఎవడో గొప్పవాడొచ్చేదాకా ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. అదీ ఆ మాటే, అందుకే నాకూ రాయి ఎక్కింది. కట్టండి."

ఆమె రాతి నడుముకు తాడు కట్టారు. మందిరం వెనుక తలుపు తీస్తే ఎదురుగా లోయ.

ఇనుప దూలం జానెడున్నర వెడల్పు, అరవై అడుగుల పొడవు. కింద నీలవేణి నల్లగా తిరుగుతోంది. దూలం కొసన చక్రం, చక్రం కింద గొలుసు, గొలుసుకు పంజరం. పంజరం ఊచల్లోంచి పోలమ్మ ముఖం కనబడింది. మూడు రోజులు నీళ్ళు లేని ముఖం. అయినా నోరు మాత్రం ఆరలేదు.

"ఇప్పుడా రావడం! పొద్దు చూశావట్రా సింగా?"

పొద్దు కొండ అంచును తాకుతోంది. సింగన్నకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

తాడు నడుముకు కట్టుకుని యువరాజు దూలం ఎక్కాడు. రెండు చేతులూ చాచి, ధీరకేతు విగ్రహంలాగే ఛాతీ విరిచి, ఠీవిగా నాలుగు అడుగులు వేశాడు. గాలి వీచింది. కిందికి చూశాడు. మరుక్షణం నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ వెనక్కి వచ్చి సింగన్న కాళ్ళు కావలించుకున్నాడు.

సింగన్న పళ్ళు నూరాడు. తిట్టబోయి, మింగాడు. అక్క ఇలాంటప్పుడు విప్పేసి మళ్ళీ వెయ్యమనేది. "పోయిందేం లేదు. నిలబడమని ఎవరు చెప్పారు మీకు?"

"ధీరకేతు..."

"బొమ్మను చూసి నిలబడ్డారు. గంగి ఏం చెప్పింది?"

"ఎదురుగా ఉన్న రాయి..." యువరాజు దూలం వైపు చూశాడు. రెండడుగులకొకటి చొప్పున ఇనుప మేకుల తలలు ఉబ్బి ఉన్నాయి. "మేకులు," అన్నాడు.

ఈసారి అతను నిలబడలేదు. రోలెక్కి కూర్చున్న పసివాడిలా దూలానికి అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చుని, ముందున్న మేకు పట్టుకుని జరిగాడు. తర్వాతది పట్టుకుని జరిగాడు. పట్టుబట్టలు తుప్పుకు చిరిగాయి. కిరీటం జారి లోయలో పడింది. ఆ శబ్దం వినడానికి కూడా అతను ఆగలేదు. చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేం. ఏ శిల్పీ దాన్ని చెక్కడు. కానీ మేకు తర్వాత మేకు, దూలం తరిగింది.

సింగన్న సూరవ్వ పక్కన నిలబడి బెత్తెడు బెత్తెడుగా తాడు వదులుతున్నాడు.

కొండ వెనక సూర్యుడు సగం మునిగాడు. ఉదయార్కుడు చక్రాన్ని చేరుకుని ఉంగరం తాళంలో పెట్టి తిప్పాడు. కిర్రుమని దూలం మొత్తం పక్కకు తిరగసాగింది. చక్రంతో, యువరాజుతో, పంజరంతో సహా లోయ మీదుగా నగరం ఒడ్డు వైపు సాగి, ఒడ్డుకు ఆరేడు బారల దూరంలో ఆగింది.

అవతల ఒడ్డున సాయంకాలపు వందనానికి నగరమంతా చేరి ఉంది. చేతుల్లో వెండి గిన్నెలు మెరుస్తున్నాయి.

అప్పుడు కోటగోడ మీద చెక్కిన ఒక రాతిముఖం నోరు తెరిచింది. శిలాకంఠుడి గొంతు తేనెలా లోయ దాటింది. "మణికుల్య ప్రజలారా, చూడండి! ధీరకేతును మించిన ఉదయార్కుడు! జంకు ఎరుగని గుండె! ఒంటరిగా, నిటారుగా, నవ్వుతూ నడిచి వచ్చిన మానవాతీతుడు!"

ఒడ్డు మీద జనం "ఆహా!" అన్నారు. గిన్నెలన్నీ ఒక్కసారిగా కళ్ళ కిందికి లేచాయి. అబ్బ, వాడి కుట్ర! కట్టెదుట జరుగుతున్నదాన్నే కథ చేసేశాడు.

దూలం మీద యువరాజు ముఖంలో సంతోషం పొంగింది. వెన్ను నిటారైంది. తాళంలో ఉన్న వేలు బూడిదరంగుకు తిరిగింది. పంజరం లోంచి పోలమ్మ తన నడుముకు చుట్టుకున్న మోకుతాడు విప్పి, ఒక కొస పంజరం ఊచలకు కట్టి, బలం కొద్దీ ఒడ్డుకు విసిరింది. మోకు జనం కాళ్ళ మధ్య పడింది. ఒక సద్భక్తుడు దాని మీద కాలు పడకుండా జాగ్రత్తగా పక్కకు జరిగి, ఏడుపు కొనసాగించాడు.

"లాగండర్రా!" అని పోలమ్మ అరిచింది. ఎవరు వింటారు? అందరూ యువరాజునే చూస్తున్నారు.

"యువరాజా! మీరు ఎలా వెళ్ళారో చెప్పండి!" సింగన్న గొంతు చీలిపోయింది. "ఎలా వెళ్ళారో!"

ఉదయార్కుడు తన వేలు చూసుకున్నాడు. చిరిగిన బట్టలు చూసుకున్నాడు. అతని ముఖం సిగ్గుతో కందింది.

"అబద్ధం!" అని కేక పెట్టాడు. "నేను నిటారుగా నడవలేదు! నిలబడితే భయమేసి వెనక్కి పారిపోయాను! సూరవ్వ నడుముకు తాడు కట్టి, సింగన్న పట్టుకుంటే, కూర్చుని జరుగుతూ వచ్చాను! మీరూ కూర్చునే లాగండి! మోకు మీ కాళ్ళ దగ్గరే ఉంది!"

వేలి మీది రాయి పగిలిపోయింది. కానీ జనం నొచ్చుకున్నారు. "అయ్యో, అంత మాట అనకండి ప్రభూ! ఎంత వినయం!" అంటూ ఇంకాస్త ఏడ్చారు. సింగన్నకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సూర్యుడు గోరంత మిగిలాడు. కోటగోడ మీంచి ఒక నల్ల రాబందు లేచింది, దాని కళ్ళు శిలాకంఠుడివే. తిన్నగా వచ్చి గొలుసు మీద వాలి, ఇనుప ముక్కుతో లంకెను కొరకసాగింది.

ఒడ్డున జనం వెనుక గాజులమ్మే అచ్చమ్మ ఉంది. భారీ మనిషి. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేకపోయేది, అందుకే ఏ వందనంలోనూ సద్భక్తురాలు అనిపించుకోలేదు. ఆమె చెవిలో ఒక్క మాటే పడింది.

"కూర్చుని లాగినా సరిపోతుందా?" అని తనలో తాను అనుకుంది.

గిన్నె పక్కన పెట్టి, ఉస్సురంటూ నేల మీద కూలబడి, రెండు కాళ్ళూ ఒక బండకు తన్నిపెట్టి, మోకు అందుకుని లాగింది. మోచేతి దాకా ఉన్న గాజులు పగిలాయి. పంజరం ఒక బెత్తెడు కదిలింది.

పక్కన నిలబడి ఏడుస్తున్న నేతగాడు కిందికి చూశాడు. ఆకాశంలో ఉన్న యువరాజు అతని కాళ్ళకు చలనం తెప్పించలేదు. రోజూ తన భార్యకు గాజులు తొడిగే అచ్చమ్మ, చెమటలు కక్కుతూ, తన కాలి పక్కనే లాగుతోంది.

"చూస్తావేంరా, పట్టు!" అందామె.

అతను గిన్నె పారేసి ఆమె వెనకాల కూర్చున్నాడు. అతని వెనకాల అతని తమ్ముడు కూర్చున్నాడు. తమ్ముడి వెనకాల ఒక పూజారి, పంచె ఎగగట్టుకుని. ఆయన వెనకాల మరో ఐదుగురు.

లంకె తెగింది. గొలుసు ఊడి లోయలో పడింది. పంజరం బరువంతా మోకు మీద పడింది. పన్నెండుమంది కేకలూ ఒక్కసారే వినిపించాయి. పంజరం కిందికి జారి సుడిగుండం అంచును తాకి ఆగింది. ఒడ్డున కూర్చున్నవాళ్ళందర్నీ మోకు బండ దాకా ఈడ్చుకుపోయింది. అచ్చమ్మ పాదాల కింద బండ కదిలింది. ఆమె వదల్లేదు.

"సింగా! ముడి నిలిచిందిరా!" పోలమ్మ గొంతు నీళ్ళ హోరులోంచి వచ్చింది. "మనుషులు చాలడం లేదు!"

సింగన్న చూపుతోనే లెక్కపెట్టాడు. కూర్చున్నవాళ్ళు తొమ్మిదిమంది. కనీసం ముప్పైమంది కావాలి. తన చేతిలో యువరాజు తాడు ఉంది, వదిలితే అతను పోతాడు. అరవడం తప్ప సింగన్న ఏమీ చెయ్యలేడు. ఒడ్డున మిగిలిన వేలమంది వైపు ఆశగా చూశాడు.

వాళ్ళు యువరాజును చూడటం మానేశారు. అందరి కళ్ళూ అచ్చమ్మ మీదికి తిరిగాయి.

"ఆహా, ఎంతటి తల్లి!" అని ఎవడో గద్గదంగా అన్నాడు. గిన్నెలు మళ్ళీ పైకి లేచాయి.